వారాల పేర్లు నేర్పే పాట-కథ: అన్నీ "వారం" అనే ముగుస్తుంటే ప్రాస ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా పాపకి రెండున్నరేళ్ళు. పొద్దున లేచి పళ్ళు తోముకోవడం, స్నానం, పాలు, ఇలా రోజూ చేసే పనులతోనే ఏడు వారాల పేర్లు నేర్పే చిన్న రైమింగ్ కథ రాద్దామనుకున్నా. కానీ ప్రతి లైన్ చివరా "వారం వారం" అనే వస్తోంది, పాప కూడా ఏ రోజు అడిగినా "వాలం" అనే అంటోంది. ఎలా రాయాలి?

సమాధానం:

పాప తప్పేం లేదండి, ఆమె సరిగ్గానే విన్నది. ఏడు పేర్లలో ఏడుసార్లూ వినిపించేది, చివర్లో గట్టిగా పడేది "వారం" ఒక్కటే, చిన్నపిల్లల చెవి ఏది ఎక్కువసార్లు వస్తే దాన్ని ముందు పట్టుకుంటుంది. నేను పద్దెనిమిదేళ్ళుగా ప్లేస్కూల్లో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలతో ఉన్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఇలా "వాలం" దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లీష్ డేస్ పాటల్లోనూ అన్నీ "డే" అనే ముగుస్తాయి, అక్కడా ఇదే గొడవ. కాబట్టి రోజు పేరుని లైన్ చివర పెట్టొద్దు, అక్కడ ప్రాస ఫ్రీగా వచ్చేస్తుంది కానీ ఆ ఫ్రీ ప్రాస ఏమీ నేర్పదు. పేర్ల మధ్య తేడా అంతా మొదటి అక్షరంలో ఉంది, ఆ, సో, మం, బు, గు, శు, శ. అందుకని రోజు పేరు లైన్ మొదట్లో ఉండాలి, దాని వెంటనే అదే అక్షరంతో మొదలయ్యే ఒక వస్తువు రావాలి. మన పద్యాల్లో యతి అంటామే అదే పని, పిల్లలకి కూడా బాగా పట్టేస్తుంది. చివరి ప్రాస మాత్రం రోజు పేరుతో సంబంధం లేని వేరే మాటల మీద పెట్టుకోండి.

రెండో విషయం, మీరు రోజువారీ పనులతో అన్నారు కదా, అక్కడ ఒక చిక్కుంది. పళ్ళు తోమడం, స్నానం, పాలు రోజూ ఒకటే. ఒకేలా ఉండే పని రోజుల మధ్య తేడా చెప్పలేదు. నేను మొదట్లో సోమవారం ఇడ్లీ, మంగళవారం దోశ అని ఒక పాట కట్టాను, పిల్లలు హాయిగా పాడేవాళ్ళు, కానీ ఇడ్లీని బుధవారానికి మార్చేసినా ఎవరికీ తేడా తెలియలేదు, ఎందుకంటే ఇడ్లీ తర్వాతే దోశ రావాలని ఏమీ లేదు, ఇంట్లో కూడా ఆ రోజు ఆ టిఫిన్ ఉండదు. వారాల్లో నేర్వాల్సింది పేర్లు ఒక్కటే కాదు, వరస. ఆ వరస కథలోనే ఉండాలి, అంటే మంగళవారం జరిగింది సోమవారం జరగకపోతే జరగనిది అయ్యుండాలి.

దానికి నేను చాలా ఏళ్ళ నుంచి వాడేది మెంతులు. సోమవారం నానేస్తాం, మంగళవారం మట్టిలో చల్లుతాం, గురువారానికి మొలక తల బయటకొస్తుంది, శుక్ర శనివారాలకి ఆకులు విప్పుతుంది, ఆదివారం పప్పులో వేస్తాం. వరస మార్చలేం, నానకుండా మొలక రాదు, మొలక రాకుండా ఆకు రాదు. పొద్దున పళ్ళు తోముకుని, నీళ్ళు పోసుకుని, పాలు తాగాక కుండ దగ్గరికి వెళ్ళడం అనేది రోజూ పని, కుండలో కనిపించేది మాత్రం ప్రతి రోజూ కొత్తది. మారని భాగం పల్లవి అవుతుంది, మారే భాగం చరణం అవుతుంది, కథ అలా నడుస్తుంది.

మొత్తం ఇక్కడ రాస్తున్నా, పాపని చిన్ని అనుకోండి, మీ పాప పేరు రెండు అక్షరాలదైతే అదే పెట్టేసుకోవచ్చు. పల్లవి ఇది, ప్రతి రోజు చరణం ముందూ ఒకసారి రావాలి:

కళ్ళూ తుడిచీ, పళ్ళూ తోమి,
నీళ్ళూ పోసుకు, పాలూ తాగి,

తర్వాత ఆ రోజు చరణం:

సోమా వారం, సొట్టల గిన్నె,
మెంతులు నానేసిందీ చిన్ని.

మంగళ వారం, మట్టీ కుండ,
మెంతులు చల్లీ, కొంచెం ఎండ.

బుధ బుధ వారం, బుడ బుడ నీళ్ళు,
మట్టిలొ మెంతులు తెరిచాయ్ కళ్ళు.

గురు గురు వారం, గుండూ టోపీ,
మొలకలు లేచాయ్ మట్టిని ఊపీ.

శుక్రా వారం, సున్నా ఆకు,
రెండూ నాకూ, రెండూ నీకు.

శనివా రంరం, సన్నా కాడ,
గోడా మీదా పొడుగూ నీడ.

ఆదీ వారం, ఆకుల పప్పు,
అన్నం, నెయ్యీ, చిటికెడు ఉప్పు.

ఇది కట్టిన పద్ధతి చెప్తాను, అప్పుడు మీరు మీకు నచ్చిన వస్తువులతో మార్చుకోగలరు. లైన్‌కి నాలుగు చప్పట్లు, ఒక్కో చప్పట్లో నాలుగు మాత్రలు, లైన్ చివర మాత్రం ఒక మాత్ర తగ్గినా పర్లేదు. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం గానీ సున్నా ఉన్న అక్షరం గానీ ఒత్తు ముందున్న అక్షరం గానీ రెండు మాత్రలు, స్కూల్లో గురులఘువులు చదువుకున్నాం కదా అదే లెక్క. రోజు పేరుకి రెండు చప్పట్లు ఇచ్చాం అంటే ఎనిమిది మాత్రలు కావాలి. ఏడు పేర్లలో సరిగ్గా ఎనిమిది ఉన్నది మంగళవారం ఒక్కటే, మంగళ-వారం. ఆదివారం, సోమవారం, శుక్రవారం ఏడేసి, బుధవారం, గురువారం, శనివారం ఆరేసి. మీరు రాసింది చదువుతుంటే కొన్ని చోట్ల కుంటుతున్నట్టు అనిపించి ఉంటుంది, ఎక్కువసార్లు కారణం ఇదే, పేర్ల పొడుగు ఒకటి కాదు.

ఏడు మాత్రల వాటికి రెండో అక్షరం కాస్త సాగదీస్తే సరిపోతుంది, ఆదీ వారం, సోమా వారం, ఎవరినైనా దూరం నుంచి పిలిచినప్పుడు మనం ఎలాగూ అలా సాగదీస్తాం కాబట్టి చెవికి ఇబ్బంది ఉండదు. ఆరు మాత్రల వాటితోనే జాగ్రత్త. అక్కడ సాగదీస్తే మొదటి అక్షరం కూడా సాగి "బూధా వారం" అయిపోతుంది, పిల్లలు దాన్నే నేర్చేసుకుంటారు, తెలుగులో మొదటి అక్షరం పొడుగు మారితే మాటే మారిపోతుంది కదా, తర్వాత దిద్దడం కష్టం. అందుకే సాగదీయకుండా రెండుసార్లు అనిపించాను, బుధ బుధ వారం, గురు గురు వారం. లెక్క సరిపోయింది, పైగా పేరులో తేడా చెప్పే ముక్క రెండుసార్లు వినబడింది, "వారం" ఒక్కసారే వినబడింది. మీ పాప సమస్యకి సగం మందు అక్కడే ఉంది.

శనివారాన్ని కూడా మొదట అలాగే "శని శని వారం" అని కట్టాను. ఒక పాప వాళ్ళ నానమ్మగారు పికప్‌కి వచ్చినప్పుడు విని, "ఏంటమ్మా పిల్లతో పొద్దస్తమానం శని శని అనిపిస్తున్నారు" అన్నారు. ఆవిడ అన్నది నిజమే, మన ఇళ్ళలో "శని" అనేది తిట్టు కూడాను, పిల్ల ఇంట్లో తిరుగుతూ అదే పాడుతుంటే పెద్దవాళ్ళకి ఎలా ఉంటుంది. అప్పట్నుంచి "శనివా రంరం" అని మార్చాను, మాత్రలు అవే ఎనిమిది, పిల్లలకి ఆ రంరం దగ్గర డప్పు కొట్టడం మహా ఇష్టం. ఇలాంటివి కాగితం మీద కనిపించవు, పాట బయటికి వెళ్ళి ఇంట్లో పెద్దవాళ్ళ చెవిన పడ్డాకే తెలుస్తాయి, మీరు కూడా రాశాక ముందు ఇంట్లో వాళ్ళందరికీ ఒకసారి వినిపించండి.

శుక్రవారానికి సున్నా, శనివారానికి సన్న అని స తో పెట్టడం చూసి శ కదా అనుకోవచ్చు. యతిలో శ, స చెల్లుతాయి, అంతకంటే ముఖ్యం ఏంటంటే రెండున్నరేళ్ళ పిల్ల శ పలకదు, "సుక్కలవాలం", "సనివాలం" అనే అంటుంది. ఆమె నోట్లో ఉన్న అక్షరంతోనే వస్తువు మొదలైతే పేరు గుర్తుంటుంది. రెండు స లు పక్కపక్కనే వస్తున్నాయి కాబట్టి ఈ రెండు రోజులు అందరికంటే ఆలస్యంగా విడిపోతాయి, దానికి కంగారు పడకండి, నేను శుక్రవారం వేళ్ళతో సున్నా చుట్టి చూపిస్తాను, శనివారం చూపుడువేలు కాడలా నిలబెడతాను, చెయ్యి తేడా చూపిస్తే నోరు తర్వాత పట్టుకుంటుంది. గుండూ టోపీ అంటే మొలక పైకి వచ్చేటప్పుడు గింజ తొక్కని తల మీద పెట్టుకుని వస్తుంది కదా, అది. పిల్లలు దాన్ని చూడగానే నవ్వుతారు, గురువారం పేరు అందరికంటే ముందు వచ్చేది చాలామందికి ఆ టోపీ వల్లే.

పల్లవిలో కళ్ళూ, పళ్ళూ, నీళ్ళూ అని మూడు చోట్లా ళ్ళ ఎందుకు పెట్టానంటే అది రోజూ ఒకేలా ఉండాల్సిన భాగం, ఆలోచించకుండా నోటికి వచ్చేయాలి, ఆ ళ్ళ పట్టుకుని నాలుక దానంతట అదే జారుతుంది. ఇక్కడ కొత్తదనం వద్దు, ఏడు రోజులూ ఒక్క అక్షరం కూడా మార్చకండి. చాలామంది అమ్మలు బోర్ కొడుతుందేమో అని పల్లవి కూడా మారుస్తుంటారు, బోర్ మనకే, పిల్లలకి మారనిది ఉంటేనే మారింది కనబడుతుంది. "నీళ్ళూ పోసుకు" బదులు "స్నానం చేసీ" అన్నా లెక్క సరిపోతుంది, మీ ఇంట్లో పాపతో ఏ మాట అంటారో అదే పెట్టండి. "నానెను", "చల్లెను" లాంటివి మాత్రం వద్దు, ప్రాస సులువుగా పడుతుందని చాలా రైమ్స్‌లో ఉంటాయి కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, రెండేళ్ళ పిల్లకి అది ఇంకో కొత్త భాష.

పేర్ల గురించి ఇంకొకటి, గురువారాన్ని మీ ఇంట్లో ఏమంటారు? కోస్తా వైపు చాలా ఇళ్ళలో లక్ష్మివారం అంటారు, తెలంగాణలో బేస్తవారం అంటారు, ఆదివారాన్ని ఐతారం అనేవాళ్ళూ ఉన్నారు. పాప ఎవరి దగ్గర ఎక్కువ ఉంటుందో వాళ్ళు అనే పేరే పాటలో పెట్టండి, "లక్ష్మీ వారం, లడ్డూ టోపీ" అన్నా "బేస్తా వారం, బెత్తెడు టోపీ" అన్నా మాత్రలు సరిపోతాయి. రెండు పేర్లూ ఒకే పాటలో ఇరికించొద్దు, వారానికి ఎనిమిది రోజులనుకుంటారు. స్కూల్ పేరు స్కూల్లో దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు పాడే పద్ధతి, ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు చేస్తారు. మొదటి రోజే ఏడు చరణాలూ పాడించొద్దు. సోమవారం పల్లవి, సోమవారం చరణం, అంతే, అది కూడా నిజంగా సొట్టల గిన్నెలో మెంతులు నానేస్తూ. మంగళవారం నిన్నటి చరణం ఒకసారి, ఇవాళ్టిది రెండుసార్లు. బుధవారం మంగళవారానిది, బుధవారానిది. ఎప్పుడూ రెండే చరణాలు, వెనకది ఒకటి, ఇవాళ్టిది ఒకటి. ఆదివారం పప్పు తిన్నాక మాత్రం ఏడూ వరసగా. మళ్ళీ సోమవారం సొట్టల గిన్నె బయటికి తీయండి, వారం అంటే మళ్ళీ మొదటికి వస్తుంది అన్నది ఆ గిన్నె చెబుతుంది, మనం వివరించి చెబితే ఈ వయసులో అర్థం కాదు.

నేర్చుకుందా లేదా అని ఎలా తెలుస్తుందంటే, పాడుతూ ఆగి చూడండి. మొదట లైన్ చివర ఆగండి, "మంగళ వారం, మట్టీ..." అని, "కుండ" అంటుంది, అది రెండో వారానికే వచ్చేస్తుంది కానీ అది ప్రాస గుర్తుండటం మాత్రమే. తర్వాత మొదట్లో ఆగండి, పల్లవి పాడి కుండ ముందు నిలబడి ఏమీ అనకుండా చూడండి. టోపీ చూసి "గులు గులు" అని తనే మొదలుపెడితే పేరు వస్తువుకి అతుక్కున్నట్టు. చివరిది కష్టమైంది, "శుక్రవారం తర్వాత ఏంటి?" అని అడిగితే పిల్లలు సోమవారం నుంచి మళ్ళీ మొదలెట్టి పాడుకుంటూ వస్తారు, మధ్యలోంచి అందుకోలేరు. మా దగ్గర మూడు దాటిన పిల్లల్లో కూడా చాలామంది ఇలాగే. అందుకే నేను రెండో నెల నుంచి పాటని ఎప్పుడూ సోమవారంతో మొదలుపెట్టను, ఇవాళ బుధవారమైతే బుధవారంతో మొదలుపెట్టి చుట్టూ తిరిగి మంగళవారంతో ఆపుతాను. ప్రతి చరణం ముందూ పల్లవి ఉంటుంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా కథ తెగదు.

పాప "నిన్న", "రేపు" కూడా దీంతో నేర్చేసుకుంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. రెండున్నరేళ్ళకి అయిపోయినవన్నీ నిన్నే, పోయిన పండగ కూడా నిన్నే. పేర్లు, వరస, "ఇవాళ కుండలో ఇది కనిపించింది కాబట్టి ఇవాళ ఈ వారం", ఇంతవరకు వస్తుంది.

ఇక కుండ సంగతి, కథ చెప్పింది కుండలో జరగకపోతే పాట అబద్ధం అవుతుంది, పిల్లలు ఊరుకోరు. ఒక చెంచాడు మెంతులు సోమవారం పొద్దున పాలు తాగాక నానేయండి, రాత్రి నీళ్ళు వంపేసి తడిగుడ్డ కప్పండి, మంగళవారం అడుగున చిల్లు ఉన్న చిన్న కుండలో పరిచి పైన పలచగా మట్టి జల్లండి, వేలెడు మందం వేస్తే టోపీ గురువారానికి బయటికి రాదు. పాటలో బుడ బుడ నీళ్ళు అని ఉంది కదా అని పాప చెంబు మొత్తం ఒంపేస్తుంది, అందుకే చిల్లు కావాలి, లేకపోతే గింజ కుళ్ళి రెండో రోజుకే వాసన వస్తుంది. నేను మందు మూత అంత చిన్న మూతతో మూడుసార్లు పోయిస్తాను, బుడ, బుడ, నీళ్ళు, అని మూడు మూతలు. డబ్బాలో ఏడాది పైగా ఉన్న పాత మెంతులు సరిగ్గా మొలవకపోవచ్చు, కొత్త ప్యాకెట్‌వి వాడండి.

మన ఎండల్లో గురువారానికి మొలక కనిపిస్తుంది, డిసెంబర్, జనవరిలో ఒకటి రెండు రోజులు వెనకబడుతుంది. అప్పుడు గురువారం వస్తుంది, టోపీ రాదు. పాప కుండలోకి చూసి "టోపీ ఏదీ" అంటుంది, దానికి మన దగ్గర జవాబు ఉండదు. చలికాలంలో నేను చేసేది, పిల్లలకి చెప్పకుండా శనివారమే ఇంకో కుండకి మెంతులు నానేసి ఆదివారం చల్లేస్తాను, వాళ్ళ కుండ ఆలస్యమైతే గురువారం పొద్దున ఆ కుండ వచ్చి కూర్చుంటుంది. మీకు ఇది నచ్చకపోతే వాతావరణం వేడెక్కేదాకా, ఫిబ్రవరి చివరి దాకా ఆగి మొదలుపెట్టండి. ఆదివారానికి వచ్చేది పెద్ద మెంతికూర కాదు, వేళ్ళంత మొలకలే, కత్తెరతో కత్తిరించి కడిగి ఉడుకుతున్న పప్పులో వేసేయండి, అన్నంలో కలిపితే చేదు పెద్దగా తెలియదు. రెండు మూడు మొలకలు కుండలో వదిలేయండి, పప్పు తిన్నాక పాప మళ్ళీ కుండ దగ్గరికే వెళ్తుంది, ఖాళీగా కనిపిస్తే ఏడుస్తుంది.

మీరు రాసిన పాట కూడా ఇక్కడ పెట్టండి, ఏ లైన్ ఎక్కడ కుంటుతోందో చూసి చెప్తాను. రోజు పేరుని లైన్ మొదటికి జరిపి, దాని పక్కన అదే అక్షరంతో మొదలయ్యే, పాప రోజూ ముట్టుకునే వస్తువు ఒకటి పెడితే మీ పాటలోనే చాలావరకు సరిపోవచ్చు, నాది తీసుకోవాల్సిన పని కూడా ఉండదు.